బావ రైస్ మిల్లు లోనుకు జమానతు సంతకం పెట్టిన. గోదాముల సరుకు పోయింది, ఇప్పుడు బ్యాంకు మొత్తం నన్నే కట్టమంటున్నది

మూసీ_పంతులు
నల్లగొండ జిల్లాల సర్కారు బడి టీచర్‌ను. 2019ల మా బావ మిర్యాలగూడ దిక్కు తన రైస్ మిల్లుకు బ్యాంకుల 40 లక్షల లోను తీసుకున్నడు. అక్క ముఖం చూసి జమానతు సంతకం పెట్టిన. నాతోపాటు ఎరువుల షాపు నడిపే ఆయన గూడ పెట్టిండు. మిల్లు జాగ, షెడ్డు కాగితాలు బ్యాంకుల ఉన్నయి. అదిగాక గోదాముల బియ్యం, ధాన్యం తాకట్టు. గోదాముకు బ్యాంకు తాళం, బ్యాంకు పేరుతోని బోర్డు. అవి నేను కండ్లార చూసిన.

2023 మార్చిల బ్యాంకోళ్లు వచ్చి సరుకు లెక్కబెట్టుకున్నరు. 18 లక్షల మాలు ఉన్నదని రాసుకున్నరట. జూన్‌ల చూస్తే గోదాము ఖాళీ. పురుగుమందు కొట్టాలని బావ తాళంచెవి అడిగితే బ్యాంకు గోదాము మనిషి ఇచ్చిండు, వారం దాక వాపసు తీసుకోలే. ఆ వారంల లారీలు పోయినయి. తర్వాత మిల్లు బందు, కిస్తీలు బందు. ఇప్పుడు మిత్తితోని 46 లక్షలు అయిందని, 60 రోజులల్ల కట్టాలని నాకు నోటీసు వచ్చింది. వచ్చి మూడు వారాలయితున్నది.

నా ఇంటి కాగితాలు ఏవీ బ్యాంకుల పెట్టలే, ఉత్త సంతకమే. నేను అడిగేది రెండే ముచ్చట్లు. మిల్లు అమ్ముకోకముందు నా మీదికి రావచ్చా? వాళ్ల చేతులల్లకెల్లి పోయిన 18 లక్షల సరుకు గూడ నేనే కట్టాల్నా?

పాలమూరు_రాజు
టెన్షన్ పడకుండ్రి సారు. అప్పు తీసుకున్నోని ఆస్తి అంతా అమ్మినంక గూడ బాకీ మిగిలితేనే జమానతుదారు దగ్గరికి రావాలె. మా మేనమామ కేసుల జడ్జి గట్లనే చెప్పిండు. మిల్లు వేలం వేసేదాక ముట్టొద్దని ఒక లెటర్ రాసి పడేయుండ్రి.

నాగార్జున_గట్టు
మా ఊర్ల ఒక సామెత జేసిన్రు: పెండ్లి సంతకంతో ఇల్లు నిండుతది, జమానతు సంతకంతో ఇల్లు ఖాళీ అయితది. జర మంచిగ తెలిసినోళ్లు వచ్చేదాక ఆగుండ్రి పంతులు సారు.

వకీలమ్మ_దేవరకొండ
రాజు గారు చెప్పింది చానామంది నమ్ముతరు, కానీ చట్టం అట్ల లేదు. కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నాయనకు ఎంత బాధ్యతో జమానతుదారుకు గూడ అంతే, కాగితంల వేరే తీరుగ రాసుకుంటే తప్ప. 1969ల సుప్రీంకోర్టు బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసుల ఇదే తేల్చింది. అక్కడ కింది కోర్టు "ముందు అసలు బాకీదారు మీద ప్రయత్నం చేసి, తర్వాతనే జమానతుదారు మీదికి పో" అని డిక్రీల షరతు పెట్టింది. సుప్రీంకోర్టు ఆ షరతు తీసేసింది. బాకీదారు వెంట పడి అలసిపోయినంకనే అడగాలంటే బ్యాంకు జమానతు తీసుకునుడెందుకు అన్నది దాని తర్కం. మీ మేనమామ కేసుల బహుశా ఒప్పందంలనే అట్ల రాసి ఉండొచ్చు, లేదా అమలు దశల ఏదో సర్దుబాటు అయి ఉండొచ్చు.

కాబట్టి పంతులు సారు మొదటి ప్రశ్నకు జవాబు: రావచ్చు. మిల్లు ముట్టకుండనే రావచ్చు.

రెండో ప్రశ్న మాత్రం మీకు పనికొచ్చేది. దాని మీద చెప్పాలంటే ముందు నాకు ఒక సంగతి కావాలె. మీ లోను మంజూరు పత్రంల ఏం రాసి ఉన్నది? కీ లోనా, హైపోతికేషనా?

మూసీ_పంతులు
మేడం, మంజూరు పత్రం నా దగ్గర లేదు. సంతకం పెట్టినప్పుడు కాపీ ఏదీ ఇయ్యలే. నేను గూడ అడగలే.

క్యాష్‌కౌంటర్_రిటైర్డ్
ముప్పై ఏళ్లు బ్యాంకుల చేసిన, అందుల ఏడేళ్లు మిల్లులు ఎక్కువుండే బ్రాంచీలల్ల. మేడం అడిగినదాంట్లనే సంగతంతా ఉన్నది.

కీ లోనుల సరుకు బ్యాంకు చేతుల ఉంటది. తాళం మాది, రిజిస్టర్ మాది. ఒక్క బస్తా పోవాలన్నా పైసలు కట్టినంక మేము చీటీ రాసి ఇయ్యాలె. హైపోతికేషన్‌ల సరుకు మిల్లాయన చేతులనే ఉంటది. ఆయన అమ్ముకుంటడు, కొంటడు, నెలకొకసారి స్టాకు స్టేట్‌మెంట్ ఇస్తడు, మేము అప్పుడప్పుడు పోయి చూసి వస్తం. మొదటిదాంట్ల సరుకు పోతే "తాళం నీ చేతుల ఉండంగ ఎట్ల పోయింది" అని బ్యాంకును నిలదీయొచ్చు. రెండోదాంట్ల అంత సులువు కాదు. సరుకు మా దగ్గర ఎప్పుడూ లేదు కదా అని బ్యాంకు అంటది.

బోర్డు, తాళం ఉన్నయంటున్నరు కాబట్టి కీ లోను లెక్కనే కనబడుతున్నది. అయితే కొన్ని బ్రాంచీలల్ల హైపోతికేషన్‌కు గూడ భయానికి బోర్డు పెడుతరు. బోర్డును నమ్మొద్దు, కాగితాన్ని నమ్మాలె.

దామరచర్ల_బియ్యం
నేను గూడ మిల్లరునే. ఇంకో చిక్కు చెప్త. గోదాముల ఉన్నది మీ బావ సొంత మాలేనా? సర్కారు కొన్న ధాన్యం మిల్లులకిచ్చి బియ్యం వాపసు తీసుకుంటది కదా, ఆ ధాన్యం సివిల్ సప్లయిస్‌ది. అది మిల్లాయనది కాదు, దాన్ని బ్యాంకుల తాకట్టు పెట్టే హక్కు ఆయనకు లేదు. కొందరు రెండూ ఒక్క గోదాముల కలిపి పెడుతరు. రేపు బ్యాంకు "పోయిన మాలు సర్కారుది, మా తాకట్టు మాలు కాదు" అని తప్పించుకునే ఆస్కారం ఉంటది.

మూసీ_పంతులు
సొంత మాలే అని బావ అంటడు. సర్కారు ధాన్యం వేరే షెడ్డుల ఉండేది. కానీ ఇప్పుడు బావ ఏం చెప్పినా నమ్మాల్నో వద్దో తెలుస్తలేదు.

చిట్టీ_బాధితుడు_వనపర్తి
నాది గూడ ఇదే కథ. దోస్తు చిట్టీ ఎత్తుకుంటే ముగ్గురు టీచర్లం జమానతు పడ్డం. ఆయన కిస్తీలు ఎగ్గొడితే నా జీతం మీదికి వచ్చిన్రు. అందుల మాల్ గీల్ ఏం లేదు, ఉత్త జీతం సర్టిఫికెట్లే. 18 లక్షల లెక్క నాకు గూడ తగ్గిస్తరా?

వకీలమ్మ_దేవరకొండ
మీది వేరే అన్నా. పంతులు సారుకు పనికొచ్చే సూత్రం తాకట్టు వస్తువు ఉన్నచోటనే నడుస్తది. మీ చిట్టీల తాకట్టే లేనప్పుడు పోగొట్టుకునేది ఏమున్నది? కానీ మీరు ఎక్కువ కట్టి ఉంటే తోటి ఇద్దరి దగ్గర వాళ్ల వాటా అడగొచ్చు. దాని ముచ్చట వెనుక చెప్త.

ఇప్పుడు అసలు సంగతి. 141వ సెక్షన్. జమానతు ఒప్పందం రోజు బాకీదారు మీద బ్యాంకుకు ఏ తాకట్లు ఉన్నయో, వాటన్నిటి మీద జమానతుదారుకు గూడ హక్కు ఉంటది. ఆ తాకట్టు ఉన్నట్టు జమానతుదారుకు తెల్వకున్నా సరే. బ్యాంకు ఆ తాకట్టును పోగొట్టుకున్నా, జమానతుదారు ఒప్పుకోకుండ వదిలేసినా, ఆ వస్తువు విలువ ఎంతో అంతమేరకు జమానతుదారు బాధ్యత తగ్గుతది. ఎందుకంటే రేపు మీరు బాకీ కడితే ఆ సరుకు మీ చేతికి రావాల్సింది. అది లేకుండ చేసి మొత్తం పైసలు మీ దగ్గర గుంజితే మీకు రెండు దిక్కులా దెబ్బ.

మీ కథకు దగ్గరగా ఉన్న తీర్పు 1968ది, స్టేట్ బ్యాంక్ ఆఫ్ ట్రావన్‌కూర్ మీద జమానతుదారు గెలిచింది. అదిగూడ మీలెక్కనే సరుకు తాకట్టు మీద క్యాష్ క్రెడిట్. లెక్కచూస్తే 35,690 రూపాయల సరుకు తక్కువ వచ్చింది. బ్యాంకు నిర్లక్ష్యం తోటి పోయిందని తేలినంక సుప్రీంకోర్టు ఆ 35,690 మేరకు జమానతుదారును వదిలింది. మిగతాదానికి కట్టమన్నది. ఇక్కడ గమనించాల్సింది ఇదే: సరుకు పోయిందని మొత్తం జమానతే రద్దు కాలేదు. పోయినంత మటుకే.

పాలమూరు_రాజు
మరి మొత్తం రద్దయిన కేసు గూడ ఉన్నది కదా మేడం, అడవి కలప కేసు. మా వకీలు చెప్పిండు.

వకీలమ్మ_దేవరకొండ
ఈసారి రాజు గారిది కరెక్ట్. మధ్యప్రదేశ్ సర్కారు కేసు, 1967. కిస్తీ కట్టనిదే కలప తీసుకపోనీయొద్దని షరతు. అటవీ శాఖ వాళ్లు కట్టకున్నా తీసుకపోనిచ్చిన్రు. జమానతుదారుకు విడుదల దొరికింది. కానీ అక్కడ చేతిల ఉన్న తాకట్టంతా ఆ కలపే. పంతులు సారు కేసుల మిల్లు జాగ ఇంకా ఉన్నది. అందుకే మనం 18 లక్షల దాకనే ఆశ పెట్టుకోవాలె.

కల్వకుర్తి_కిరణ్
లెక్క నాకు అర్థమయ్యేటట్టు ఒకసారి వేస్త, తప్పయితే చెప్పుండ్రి. బాకీ 46. పోయిన సరుకు 18 తీసేస్తే జమానతుదార్ల మీద మిగిలేది 28. మిల్లు జాగ, షెడ్డు వేలంల 16 వచ్చిందనుకుందాం. అప్పుడు 12. ఇద్దరు జమానతుదార్లు కాబట్టి చెరి 6. అంటే 46 లక్షల నోటీసు చివరికి 6 లక్షల కాడికి వస్తది. గింతేనా?

వకీలమ్మ_దేవరకొండ
లెక్క బాగనే ఉన్నది కిరణ్, కానీ రెండు చోట్ల జాగ్రత్త. ఆ 18 తగ్గేది జమానతుదార్లకే. పంతులు సారు బావకు తగ్గదు, ఆయన పూరా 46 బాకీనే. రెండోది, చెరి సగం అనేది జమానతుదార్ల నడుమ లెక్క. బ్యాంకుకు ఆ లెక్కతో పని లేదు. బ్యాంకు ఆ 12 మొత్తం పంతులు సారునే అడగొచ్చు. ఆయన కట్టినంక ఎరువుల షాపాయన దగ్గర 6 వసూలు చేసుకోవాలె. అది 146వ సెక్షన్.

క్యాష్‌కౌంటర్_రిటైర్డ్
మేడంతో ఒక్క కాడ విభేదిస్త. బ్యాంకు జమానతు ఫారం చూసిన్రా ఎప్పుడన్నా? అందుల చిన్న అక్షరాలల్ల ఒక పేరా ఉంటది. బ్యాంకు తాకట్టు వదిలేసినా, గడువు ఇచ్చినా, రాజీ పడినా జమానతుదారు బాధ్యత తగ్గదు, 133 నుంచి 141 దాక సెక్షన్ల హక్కులు వదులుకుంటున్న అని. పంతులు సారు దాని కింద సంతకం పెట్టే ఉంటడు. కర్ణాటక హైకోర్టు అసొంటి షరతు చెల్లుతదని తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు గూడ కెనరా బ్యాంకు కేసు ఒకదాంట్ల, చట్టం ఇచ్చిన లాభాన్ని మనిషి తనంతట తాను వదులుకోవచ్చన్నది. ఆ పేరా ఉంటే 18 లక్షల మీద అంత ధైర్యంగ ఉండలేం.

వకీలమ్మ_దేవరకొండ
ఆ పేరా ఉంటది సారు, నేను గూడ ఒప్పుకుంట. అది మన కేసుల పెద్ద గండి. కానీ నా వాదన ఏందంటే, తాకట్టు వదిలేసే స్వేచ్ఛ బ్యాంకుకు ఇచ్చుడు వేరు, తాళం అడిగినోని చేతుల పెట్టి వారం దాక మర్చిపోవుడు వేరు. సరిగ్గ ఆ పేరాల ఏ మాటలు రాసిన్రో చూడాలె. "నిర్లక్ష్యం వల్ల నష్టమైనా" అని గూడ రాసి ఉంటే గట్టిగనే కట్టేసినట్టు. ఊకె "వదిలేసినా, మార్చినా" అని ఉంటే కొట్లాడొచ్చు. ముందే గెలుస్తమని మాత్రం చెప్ప.

నాగార్జున_గట్టు
చిన్న అక్షరాలు చదవనీకి కంటద్దాలు, పెద్ద అక్షరాలు చదవనీకి ధైర్యం కావాలె.

దామరచర్ల_బియ్యం
పంతులు సారూ, ఒకటి నిజం చెప్పుండ్రి. ఆ వారంల లారీలు పోతున్న సంగతి మీకు ముందే ఎరుకనా?

మూసీ_పంతులు
నిజం చెప్త. రెండో రోజు అక్క ఫోన్ చేసి "మీ బావ మాలు అమ్ముతున్నడు, బ్యాంకోళ్లకు ఎరుకనో లేదో" అన్నది. నేను "వాళ్లకు చెప్పమను" అన్న. బ్యాంకుకు నేను ఫోన్ చేయలే. రోజూ అదే గుర్తుకొస్తది.

వకీలమ్మ_దేవరకొండ
నిజం చెప్పినందుకు మంచిదైంది. ఒప్పుకొని వదిలిపెట్టుడు వేరు, తెలిసి ఊకుండుడు వేరు అనే నేను వాదిస్త. కానీ బ్యాంకు వకీలు ఇదే అడుగుతడు. అబద్ధం చెప్పకుండ్రి. మీ అక్క ఫోన్ రికార్డు తారీఖుల తోటి బయటకొస్తది. సరుకు అమ్ముమని గానీ, అమ్మినా ఫర్వాలేదని గానీ మీరు బ్యాంకుకు చెప్పలే. ఆ ఒక్క మాట మీద నిలబడుండ్రి.

ఇప్పుడు చేయాల్సింది. నోటీసు వచ్చి మూడు వారాలే కాబట్టి గడువు ఉన్నది. 60 రోజులల్ల రాతపూర్వకంగ అభ్యంతరం పంపుండ్రి. దానికి బ్యాంకు 15 రోజులల్ల కారణాలతో జవాబు ఇయ్యాలె. ఆ జవాబు మీకు కోర్టుల పనికొస్తది. లెటర్‌ల ఇంత చాలు: గోదాము బ్యాంకు తాళం కింద ఉన్నది, మార్చిల లెక్కపెట్టిన 18 లక్షల సరుకు బ్యాంకు మనిషి తాళం ఇచ్చినంక పోయింది, నా ఒప్పుకోలు లేదు, 141 ప్రకారం అంతమేరకు నా బాధ్యత లేదు. దాంతో పాటు జమానతు పత్రం కాపీ, మంజూరు పత్రం కాపీ, ఖాతా లెక్క, మార్చి సరుకు తనిఖీ రిపోర్టు, తాళం రిజిస్టర్ అడుగుండ్రి. రిజిస్టర్ పోస్ట్ చేయుండ్రి, రసీదు జాగ్రత్త.

కల్వకుర్తి_కిరణ్
ఇయ్యకపోతే?

వకీలమ్మ_దేవరకొండ
బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్ డీఆర్‌టీల కేసు నడిచేటప్పుడు కాగితాలు తెప్పించమని అడగొచ్చు. అడిగినా ఇయ్యలేదనే లెటర్ గూడ అక్కడ బలమే.

చిట్టీ_బాధితుడు_వనపర్తి
ఇల్లు జప్తు చేస్తరా సారుది? నాకు అదే భయం ఉండె.

క్యాష్‌కౌంటర్_రిటైర్డ్
మీకొచ్చిన 60 రోజుల నోటీసు సర్ఫేసి చట్టం కిందిది, కోర్టుకు పోకుండనే తాకట్టు ఆస్తిని బ్యాంకు పట్టుకునే చట్టం అది. కాగితాలు బ్యాంకుల పెట్టని ఇంటిని దాని కింద నేరుగ స్వాధీనం చేసుకోలేరు. ఆ నోటీసుతో మిల్లు మీదనే పడొచ్చు. ఇల్లు కావాలంటే బ్యాంకు 20 లక్షలు దాటిన బాకీ కాబట్టి హైదరాబాద్ డీఆర్‌టీల కేసు వేసి గెలిచి, అప్పుడు జప్తు అడగాలె. అందుకు చానా కాలం పడుతది. ఇంటి కాగితాలు ఇప్పుడు భయపడి ఇయ్యకుండ్రి. "రీషెడ్యూల్ చేస్తం, ఇల్లు గూడ కలుపుదాం" అని బ్రాంచి వాళ్లు అంటరు. నేను గూడ నా టైంల అన్న, ఇప్పుడు చెప్తే తలకాయ వంగుతది.

జీతం ముచ్చట గూడ తెలుసుకుండ్రి. జీతంల మొదటి వెయ్యి, మిగిలినదాంట్ల మూడింట రెండొంతులు ముట్టరాదు. అంటే 70 వేల జీతముంటే 69 వేలల్ల మూడో వంతు, నెలకు 23 వేల దాక. ఒక డిక్రీకి అట్ల 24 నెలలే పట్టొచ్చు, తర్వాత ఆ డిక్రీ కింద జీతం ముట్టొద్దు. 5 లక్షల 52 వేల దగ్గర ఆగిపోతది. పెన్షన్, జీపీఎఫ్ ముట్టరాదు. బయట ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ప్లాట్లు మాత్రం ముట్టొచ్చు.

స్వరూప_సూర్యాపేట
ఇప్పటిదాక చదువుతనే ఉన్న, నా ముచ్చట ఒకటి చెప్పనీయుండ్రి. మా నాయన 2014ల దోస్తు లారీ వ్యాపారానికి జమానతు పడ్డడు. దోస్తు ప్లాటు కాగితాలు బ్యాంకుల ఉండె. దోస్తు ఎగ్గొట్టిండు. మా నాయన పరువుకు భయపడి పొలం అమ్మి 9 లక్షలు పట్టుకపోయి ఆ లోను ఖాతాల నగదు కట్టిండు. రసీదు దోస్తు పేరు మీద వచ్చింది. మూడో రోజు బ్యాంకాయన ప్లాటు కాగితాలు దోస్తు చేతుల పెట్టి పంపిండు. నెల రోజులల్ల ప్లాటు అమ్ముడువోయింది. నాయన నాలుగేండ్లు "ఇస్తడు, ఇస్తడు" అనుకుంట కూసున్నడు. వకీలు దగ్గరికి పోతే మూడేండ్లు దాటినంక దావా నడవదన్నడు. మా నాయన పోయిండు. ఆ రసీదు ఇంకా మా అమ్మ పెట్టెల ఉన్నది. సారూ, కట్టాల్సి వస్తే ఊకె పోయి కట్టకుండ్రి.

మూసీ_పంతులు
అక్కా, చదివి చానా సేపు ఫోన్ పక్కన పెట్టిన.

వకీలమ్మ_దేవరకొండ
స్వరూప గారి నాయన కాడ జరిగిందే నేను అందరికీ చెప్పాలనుకునేది. బాకీ కట్టిన జమానతుదారు 140వ సెక్షన్ ప్రకారం బ్యాంకు స్థానంల నిలబడుతడు. బ్యాంకుకు బాకీదారు మీద ఏ హక్కులున్నయో అవన్నీ ఆయనకు వస్తయి. తాకట్టు జాగ ఉంటే ఆస్తి బదిలీ చట్టం 91, 92 గూడ జమానతుదారుకు విడిపించుకునే హక్కు, తాకట్టుదారు స్థానం ఇస్తయి. కానీ ఈ హక్కు ఉన్నదని బ్యాంకు గుమాస్తాకు ఎవరు చెప్తరు? ఖాతా మూసినంక కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నయో ఆయనకు ఇచ్చుడు ఆయనకు అలవాటు.

అందుకే పైసలు కట్టకముందు బ్యాంకుకు లెటర్ ఇయ్యాలె: నేను జమానతుదారునిగ కడుతున్న, బాకీ తీరినంక మిల్లు కాగితాలు బాకీదారుకు ఇయ్యొద్దు, నాకు బదిలీ చేయాలె. రసీదు ముద్రతోని కాపీ తీసుకోవాలె. మీ సొంత ఖాతాల నుంచి చెక్కుతోనో, బ్యాంకు బదిలీతోనో కట్టాలె, నగదు వద్దు. రసీదు మీద జమానతుదారు చెల్లించిండని రాయించుకోవాలె. జమానతుదారు తాను బాధ్యుడైన మొత్తం కట్టినంకనే 140 పూరాగ నడుస్తది, సగం కట్టి కాగితాలు అడిగితే బ్యాంకు ఇయ్యదు.

కల్వకుర్తి_కిరణ్
ఓటీఎస్, అంటే బ్యాంకుతో మాట్లాడుకొని తక్కువకు ఒకేసారి తెగ్గొట్టుకునుడు అయితే? 46కు 30 కట్టి క్లోజ్ చేస్తే బావ దగ్గర 46 వసూలు చేయొచ్చునా?

వకీలమ్మ_దేవరకొండ
లేదు. 145వ సెక్షన్ ప్రకారం న్యాయంగ కట్టినంతే వసూలు చేయొచ్చు, అంటే 30. లాభానికి జమానతు పడరు కదా. అట్లనే తప్పుగ కట్టినది గూడ రాదు. ఇక్కడ మన 18 లక్షల సంగతి మళ్ల వస్తది. 141 కింద మీరు బాధ్యులు కాని సొమ్ము గూడ కడితే, "ఎందుకు కట్టినవ్, అడగంగనే ఇచ్చినవా" అని ఎరువుల షాపాయన గూడ మిమ్మల్ని అడగొచ్చు. దావాకు మూడేండ్లు, కట్టిన తారీఖు నుంచి. తోటి జమానతుదారు మీద అయితే మీ వాటా దాటి కట్టిన తారీఖు నుంచి.

మూసీ_పంతులు
కొత్త ముచ్చట. ఎరువుల షాపాయన బ్యాంకుకు 4 లక్షలు కట్టి తన జమానతు రద్దు చేయించుకున్నడట. ఇగ నేనొక్కన్నే మిగిలిన. ఆయన వాటా గూడ నా మీద పడ్డట్టేనా?

పాలమూరు_రాజు
అప్పుడు మీ జమానతు గూడ రద్దే సారు. ఒకరిని వదిలితే అందరిని వదిలినట్టే.

వకీలమ్మ_దేవరకొండ
కాదు రాజు గారు. 138వ సెక్షన్ ఉన్నదే దీనికి. బ్యాంకు ఒక జమానతుదారును వదిలితే మిగతావాళ్లు విడుదల కారు. కానీ అదే సెక్షన్‌ల రెండో సగం చూడుండ్రి. బ్యాంకు వదిలినంత మాత్రాన ఆయన తోటి జమానతుదార్లకు ఇయ్యాల్సిన బాధ్యత నుంచి బయటపడడు. కిరణ్ లెక్కల చెరి 6 వచ్చిందనుకుందాం. ఆయన 4 కట్టిండు. మీరు 8 కట్టాల్సి వస్తే, ఆయన దగ్గర 2 అడిగే హక్కు మీకు అట్లనే ఉంటది. బ్యాంకు ఇచ్చిన కాగితం ఆయనకు బ్యాంకు మీదనే ఢాలు, మీ మీద కాదు.

నాగార్జున_గట్టు
గా ఎరువుల షాపుల ఈసారి యూరియా ఉద్దెర అడగొచ్చు పంతులు సారు.

దామరచర్ల_బియ్యం
లిమిట్ నడుమల పెంచిన్రా సారు? 2021ల చానా మిల్లులకు పెంచిన్రు. పెంచినప్పుడు మీ సంతకం లేకపోతే అది వేరే రక్షణ.

మూసీ_పంతులు
పెంచలే అన్న. మొదటి నుంచి 40నే.

క్యాష్‌కౌంటర్_రిటైర్డ్
"నా జమానతు వాపసు తీసుకుంటున్న" అని లెటర్ రాయమని ఎవరన్నా చెప్తే పట్టించుకోకుండ్రి. అది ముందుముందు ఇచ్చే అప్పులకే పనికొస్తది. ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయింది, కొత్తగ ఇచ్చేదేమీ లేదు. ఉన్న బాకీ ఉన్నట్టే.

మూసీ_పంతులు
రెండు వారాల తర్వాత రాస్తున్న. లెటర్ పంపినంక పదకొండో రోజు బ్యాంకు జవాబు వచ్చింది. సరుకు హైపోతికేషన్ కింద ఉన్నదని, బాధ్యత మిల్లాయనదని రాసిన్రు. కానీ వాళ్లే జత చేసిన మంజూరు పత్రం మూడో పేజీల "కీ లోన్, గోదాము బ్యాంకు తాళం కింద" అని ఉన్నది. జమానతు పత్రం కాపీ గూడ ఇచ్చిన్రు. క్యాష్‌కౌంటర్ సారు చెప్పిన పేరా ఉన్నది. అందుల "తాకట్టు వదిలినా, మార్చినా" అని ఉన్నది, నిర్లక్ష్యం మాట కనబడలే. తాళం రిజిస్టర్ మాత్రం ఇయ్యలే, అంతర్గత పత్రం అన్నరు.

వకీలమ్మ_దేవరకొండ
మూడో పేజీ, జవాబు లెటర్ రెండూ పక్కపక్కన పెట్టి రెండు జతలు జిరాక్స్ తీయుండ్రి. ఒకరి మాట ఒకరే కోసుకున్నరు. రిజిస్టర్ ఇయ్యనంటున్నరంటే దాంట్ల తాళం ఇచ్చిన తారీఖు రాసి ఉన్నట్టే నాకు అనిపిస్తున్నది, ఇది నా అనుమానం మాత్రమే. మిల్లు స్వాధీన నోటీసు గనక అంటిస్తే ఆ రోజు నుంచి 45 రోజులల్ల డీఆర్‌టీకి పోవాలె. తలుపు మీద అంటించిన తారీఖు ఫోటో తీసుకొమ్మని మీ అక్కకు చెప్పుండ్రి.

క్యాష్‌కౌంటర్_రిటైర్డ్
ఆ పేరాతోనే బ్యాంకు గట్టిగ కొట్లాడుతది, మేడం. నేను ఇంకా నా మాట మీదనే ఉన్న.

వకీలమ్మ_దేవరకొండ
ఉండుండ్రి సారు. డీఆర్‌టీ ఏమంటదో చూద్దాం.

స్వరూప_సూర్యాపేట
పంతులు సారూ, మిల్లు కాగితాలు బావకు ఇయ్యొద్దని లెటర్ గూడ ఇచ్చిన్రా?

మూసీ_పంతులు
ఇచ్చిన అక్కా. మొన్ననే, ముద్ర వేయించుకొని. అక్క గూడ నాతో వచ్చింది. బయటికొచ్చినంక "మీ బావకు చెప్పాల్నా" అని అడిగింది. చెప్పమన్న.